పంపు మోటార్ వైబ్రేషన్ మీటర్: టైమ్‌లో ఉన్న ఎనర్జీ ఫ్రీక్వెన్సీలోనూ అంతే ఉందా?

శనివారం రాత్రి

హార్డ్‌వేర్ పని దాదాపు అయిపోయినట్టే. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, సంపు నుంచి పైట్యాంకుకి నీళ్లెక్కించే మోటార్ బాడీ మీద ఎంపీయూ 6050 సెన్సార్ బిగించాం, దాని వెనక ఈఎస్‌పీ 32 బోర్డు. సముద్రపు గాలికి ఇక్కడ స్క్రూలు ఇట్టే తుప్పు పట్టేస్తాయి కాబట్టి డాబాగార్డెన్స్‌లో స్టెయిన్‌లెస్ స్క్రూలు కొని తెచ్చాను. ఇప్పుడు మిగిలింది లెక్క. సెకనుకి 1000 శాంపిళ్లు, 512 శాంపిళ్లకి ఒక బ్లాకు, దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే ఎఫ్‌ఎఫ్‌టీ, ఆ తర్వాత ఏ ఫ్రీక్వెన్సీ పట్టీలో ఎంత ఎనర్జీ ఉందో ఒక్కో నంబరు. బేరింగ్ అరగడం మొదలైతే పై పట్టీల్లో నంబరు పెరగాలి, అదీ ఐడియా.

బోర్డు మీది సీ కోడ్ బావ రాశాడు. పైతాన్‌లో దాన్ని సరిచూసే పని నాది. పట్టీల నంబర్లు నమ్మాలంటే ముందు ఒకటి తేలాలి: అన్ని పట్టీలూ కలిపితే టైమ్‌లో ఉన్న మొత్తం ఎనర్జీ రావాలి, ఎక్కువా రాకూడదు, తక్కువా రాకూడదు. మార్క్-ఆంట్వాన్ పార్సెవాల్ 1799లో అనంత శ్రేణుల కోసం చెప్పిన సంగతికి, ఎఫ్‌ఎఫ్‌టీ వేగంగా చేసిపెట్టే డీఎఫ్‌టీ లెక్కలో రూపం ఇది. x[n] టైమ్ శాంపిళ్లు, X[k] ఒక్కో ఫ్రీక్వెన్సీ గడి, అంటే బిన్, N శాంపిళ్ల సంఖ్య:

```
sum |x[n]|^2  =  (1/N) * sum |X[k]|^2
```

బావ అప్పటికే ఇది చూసేశాడట. "మోటార్ డేటా మీద రెండు వైపులా సరిపోయింది బావా, తేడా వెయ్యిలో ఒక వంతు కూడా లేదు, ఇంకేటి నీ డౌటు?" అన్నాడు ఫోన్లో. నా డౌటల్లా ఆ వెయ్యిలో వంతు గురించే. గుణకాలన్నీ సరిగ్గా ఉంటే ఫ్లోటింగ్ పాయింట్ రౌండింగ్ వల్ల వచ్చే తేడా అంతకంటే ఎన్నో రెట్లు చిన్నది కావాలి. వెయ్యిలో వంతుకి దగ్గరగా ఉందంటే అది రౌండింగ్ కాదు, ఇంకేదో.

ఆదివారం పొద్దున్న

512 శాంపిళ్ల డేటా పెట్టుకుని తప్పు వెతకడం కష్టం, ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కంటికి ఆనదు. అందుకని ఎనిమిది అంకెలే తీసుకున్నాను, కాగితం మీద కూడా చేయగలిగేలా:

```
x = 3, 1, -2, 0, 4, -1, 1, 2
```

వీటిని ఏదో ఊరికే రాసేయలేదు. సగటు సున్నా కాకూడదు, అంటే X[0]లో ఎంతోకొంత ఉండాలి. ఒకటి విడిచి ఒకటి ప్లస్ మైనస్ పెట్టి కూడినా సున్నా రాకూడదు, అంటే అన్నిటికంటే పై ఫ్రీక్వెన్సీ అయిన నైక్విస్ట్ బిన్ X[4]లోనూ ఉండాలి. పైగా వరసలో ఎలాంటి సిమెట్రీ ఉండకూడదు, ఎందుకంటే అందంగా ఉండే వరసలు తప్పుల్ని దాచేస్తాయి.

టైమ్ వైపు లెక్క నోటితోనే అయిపోతుంది: 9+1+4+0+16+1+1+4, మొత్తం 36.

ఫ్రీక్వెన్సీ వైపు కోసం సరి స్థానాల్లోని నాలుగు, బేసి స్థానాల్లోని నాలుగు విడదీసి, నాలుగేసి పాయింట్ల డీఎఫ్‌టీలు రెండు చేసి కలిపాను (ఎఫ్‌ఎఫ్‌టీ లోపల జరిగేదీ ఇదే). వచ్చినవి:

```
X[0] = 8
X[1] =  1.828 + 3j
X[2] =  8 + 2j
X[3] = -3.828 - 3j
X[4] = 4
```

వరస వాస్తవ సంఖ్యలది కాబట్టి X[5], X[6], X[7] వరసగా X[3], X[2], X[1]లకి కాంజుగేట్లు, పరిమాణాలు అవే. వర్గాలు తీస్తే X[0]కి 64, X[2]కి 68, X[4]కి 16. X[1], X[3] దగ్గర దశాంశాలు చూసి కాసేపు చిరాకు పడ్డాను కానీ మూలం అలాగే ఉంచేసి చేస్తే ఒకటి 18 − 4√2, రెండోది 18 + 4√2. కూడగానే √2 ఎగిరిపోయి 36 మిగిలింది. ఇలాంటివి చూసినప్పుడే కాగితం మీద చేసినందుకు ఫలితం దక్కినట్టు అనిపిస్తుంది. స్క్రీన్ మీద 12.343, 23.657 అని కనబడితే ఈ సంగతి తెలిసేదే కాదు.

ఎనిమిది బిన్లూ కలిపితే 64 + 16 + 2×68 + 2×36 = 288. ఎనిమిదితో భాగిస్తే 36. సరిపోయింది.

ఎనిమిదితోనే ఎందుకు భాగించాలి? |X[k]|² విప్పితే రెండు రకాల ముక్కలొస్తాయి. x[0]², x[1]² లాంటివి ఒక రకం, x[0]·x[1] లాంటి జంటలు ఇంకో రకం. మొదటి రకం ప్రతి బిన్‌లోనూ యథాతథంగా కనబడుతుంది, ఎనిమిది బిన్లు కాబట్టి ఎనిమిదిసార్లు లెక్కకొస్తుంది. జంటలు మాత్రం ఒక్కో బిన్‌లో ఒక్కో కోణం తిరిగి వస్తాయి. ఎనిమిది బిన్లూ కూడేసరికి ఆ కోణాలు వృత్తం చుట్టూ సమంగా పరుచుకుని ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మిగిలేది ఎనర్జీకి సరిగ్గా N రెట్లు.

పైతాన్‌లో కూడా ఒకసారి:

```python
import numpy as np
x = np.array([3, 1, -2, 0, 4, -1, 1, 2], float)
X = np.fft.fft(x)
print(np.sum(x**2), np.sum(np.abs(X)**2) / len(x))
```

రెండు నంబర్లనీ `==` పెట్టి పోల్చకూడదు, చివరి అంకెలో ఎక్కడో తేడా రావచ్చు. `np.isclose` చాలు.

అదే రోజు, సాయంత్రం

ఇప్పుడు ఇవే ఎనిమిది అంకెలు బావ కోడ్‌లోకి ఎక్కించాను. బోర్డు 46 అంది.

36 రావాల్సిన చోట 46. నాకు నచ్చింది ఏంటంటే, ఆ తేడా 10 ఎక్కడి నుంచి వచ్చిందో తనే చెప్పేస్తోంది. ఎనిమిదితో గుణిస్తే 80. 80 అంటే 64 + 16, అంటే X[0], X[4]ల వర్గాలు ఒక్కోటి ఒకసారి అదనంగా పడ్డాయి. కోడ్ తెరిచి చూస్తే అదే ఉంది. మెమరీ కలిసొస్తుందని సగం స్పెక్ట్రమ్ మాత్రమే, 0 నుంచి N/2 వరకు, ఉంచుకుని, పోయిన సగానికి బదులుగా ప్రతి బిన్‌నీ రెండింతలు చేశాడు. కానీ X[0]కీ X[N/2]కీ అవతల జోడీ లేదు, అవి ఒంటరి బిన్లు. వాటిని రెండింతలు చేయకూడదు.

```python
R = np.fft.rfft(x)
g = np.full(len(R), 2.0)
g[0] = 1
if len(x) % 2 == 0:
    g[-1] = 1
print(np.sum(g * np.abs(R)**2) / len(x))
```

ఆ `if` ఎందుకంటే N బేసి అయితే నైక్విస్ట్ బిన్ అసలు ఉండదు, చివరి బిన్‌కి కూడా జోడీ ఉంటుంది. నా వరసలో చివరి 2 తీసేసి ఏడు అంకెలతో కూడా నడిపాను, టైమ్ వైపు 32, ఫ్రీక్వెన్సీ వైపు 32. మా బ్లాకు 512 కాబట్టి మాకు బేసి అవసరం పడదు, కానీ రేపెవరో బ్లాకు సైజు మారిస్తే అప్పుడు తలనొప్పి.

మరి మోటార్ డేటా మీద ఎలా సరిపోయింది? ఇక్కడే అసలు మజా ఉంది. బావ ఎఫ్‌ఎఫ్‌టీకి ముందు బ్లాకు సగటు తీసేస్తాడు, గ్రావిటీ పోవడానికి. కాబట్టి X[0] సున్నా, సున్నాని రెండింతలు చేస్తే మాత్రం ఏమవుతుంది. సెన్సార్‌లోని లోపాస్ ఫిల్టర్ 184 హెర్ట్జ్ దగ్గర పెట్టి ఉంది, నైక్విస్ట్ 500 హెర్ట్జ్ దగ్గర, అక్కడికి చేరేది కాస్త నాయిస్ మాత్రమే. అంటే తప్పు పడే రెండు బిన్లూ అసలు డేటాలో ఖాళీగా ఉన్నాయి, అవి కూడా 257 బిన్లలో రెండే. ఆ వెయ్యిలో వంతు లోపు తేడా ఆ నాయిసే. నా వరసలో ఐదు బిన్లలో రెండు ఒంటరివి, పైగా రెండూ నిండుగా ఉన్నవి, అందుకే దొరికిపోయింది. సగటు తీసేసి అవే ఎనిమిదీ ఇస్తే బోర్డు 30 అంది. టైమ్ వైపు అప్పుడు 28, మిగతా 2 నైక్విస్ట్ 16ని ఎనిమిదితో భాగిస్తే వచ్చేది.

బావకి ఫోన్ చేసి చెప్తే ముందు ఒప్పుకోలేదు. "సగటు ఎలాగూ తీసేస్తున్నాం కదా, నీకెందుకు బావా అంత పట్టింపు" అన్నాడు. ఒక విధంగా నిజమే, ఇవాళ్టి మోటార్‌కి ఏ నష్టమూ లేదు. కానీ సెన్సార్ కాస్త వాలినా తెలియాలని సగటుని కూడా విడిగా ఉంచుదామని మొన్న అనుకున్నది తనే. అది చేసిన రోజు గ్రావిటీ మొత్తం X[0]లో కూర్చుంటుంది, దాన్ని రెండింతలు చేస్తే మోటార్ వణుకు ఏ మూలకీ రాదు. ఇది చెప్పాక మార్చాడు.

మంగళవారం రాత్రి

ఈ చెక్ ఏయే తప్పులు పట్టుకుంటుంది, వేటిని వదిలేస్తుంది అని ఇవాళ కావాలనే కోడ్ పాడుచేస్తూ కూర్చున్నాను.

స్కేలింగ్ తప్పులు చక్కగా పట్టుకుంటుంది, పైగా నిష్పత్తి చూస్తే పేరు కూడా చెప్పేయొచ్చు. 36కి బదులు 288 వస్తే 1/N మర్చిపోయారు. నంపైలో `norm="ortho"` పెడితే ప్రతి X √8 చేత భాగింపబడి వస్తుంది, అప్పుడు వర్గాల మొత్తమే 36, మళ్లీ భాగిస్తే 4.5 అవుతుంది. `norm="forward"` అయితే ఎనిమిది చేత భాగింపబడి వస్తుంది, వర్గాల మొత్తం 4.5, దాన్ని ఎనిమిదితో గుణించాలి. పూర్ణాంకాలతో నడిచే కొన్ని ఎఫ్‌ఎఫ్‌టీలు ఓవర్‌ఫ్లో కాకుండా ప్రతి దశలోనూ సగం చేసుకుంటూ పోతాయి, అవీ చివరికి ఈ బాపతే. వెనక సున్నాలు పేర్చి 16 పాయింట్లు చేస్తే ఎనర్జీ 36గానే ఉంటుంది కానీ భాగించాల్సింది 16తో. పాత 8 అలాగే వదిలేస్తే 72 వస్తుంది.

పట్టుకోలేనిది ఇంకోటుంది, నాకు అదే ఎక్కువ టెన్షన్. ఎఫ్‌ఎఫ్‌టీ చివర బిన్లని సరైన వరసలో పెట్టే బిట్ రివర్సల్ తీసేశాను. అంటే బిన్లన్నీ సరైన విలువలతోనే వస్తాయి, కాకపోతే స్థానాలు తారుమారు: 0, 4, 2, 6, 1, 5, 3, 7. మొత్తం ఎనిమిదీ కూడితే 36, చెక్ పాసైపోయింది! కూడికకి వరసతో పనేముంది. ఏ పట్టీలో ఎంత ఎనర్జీ అన్నదే మా మీటర్ ప్రాణం, అదేమో పూర్తిగా తప్పు, చెక్ మాత్రం బ్రహ్మాండంగా ఉందంటుంది.

అయితే సగం స్పెక్ట్రమ్ మీద నడిపితే కథ మారింది. మొదటి ఐదు స్థానాల్లో ఇప్పుడు X[0], X[4], X[2], X[6], X[1] ఉన్నాయి, చివరలని ఒకసారి, మధ్యవి రెండుసార్లు కూడి భాగిస్తే 47.54. దొరికింది. పూర్తి మొత్తం కంటే సగం మొత్తం కఠినమైన పరీక్ష, ఎందుకంటే అది k, N−k జంటలు వాటి వాటి స్థానాల్లో ఉన్నాయని నమ్ముకుని నడుస్తుంది, ఆ నమ్మకం చెడితే లెక్క చెడుతుంది. ఇది చేసి చూసేదాకా నాకు తట్టని విషయం.

కానీ అది కూడా అన్నీ పట్టుకోదు. ఉదాహరణకి X[1], X[3] స్థానాలు మార్చి వాటి జోడీలు X[7], X[5] కూడా మారిస్తే రెండు మొత్తాలూ 36గానే ఉంటాయి. అందుకని ఎనర్జీ చెక్‌కి తోడుగా ఒక టోన్ కూడా పెట్టాను: ఎనిమిది శాంపిళ్లలో ఒక్క చుట్టు తిరిగే కొసైన్. X[1], X[7]లలో 4 చొప్పున, మిగతావి సున్నా రావాలి. బిట్ రివర్సల్ లేకపోతే ఆ నాలుగులు 4, 7 స్థానాల్లో తేలతాయి. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు, మూడూ నడిపితే స్థానాల గోల చాలావరకు తీరిపోతుంది.

గురువారం

సెల్లార్‌లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే వాచ్‌మన్ వచ్చి "ఏటి బాబూ, మోటార్‌కి జొరం చూస్తన్నావేటి?" అన్నాడు. ఒకరకంగా అదే అన్నాను.

ఇవాళ్టి గొడవ విండో గురించి. బోర్డు ఎఫ్‌ఎఫ్‌టీకి ముందు, బ్లాకుని అంచుల దగ్గర సున్నాకి తగ్గించే హాన్ విండో వేస్తుంది, లేకపోతే మోటార్ ప్రధాన ఫ్రీక్వెన్సీ పక్క బిన్లలోకి బాగా కారిపోతుంది. నేను విండో వేయని శాంపిళ్ల ఎనర్జీకి, విండో వేశాక వచ్చిన స్పెక్ట్రమ్‌కి పోలిక పెట్టకుండా జాగ్రత్తపడ్డాను. పార్సెవాల్ మాట ఇచ్చేది ఎఫ్‌ఎఫ్‌టీలోకి వెళ్లిన అంకెల గురించే. నా ఎనిమిది అంకెల మీద హాన్ వేస్తే ఎనర్జీ 18.086, విండో తర్వాతి స్పెక్ట్రమ్‌లోనూ 18.086. అక్కడ ఏ రాజీ లేదు.

36కి తిరిగి వెళ్లాలంటే విండో వర్గాల సగటు 3/8తో భాగించమని అందరూ చెప్తారు. భాగిస్తే 48.23 వస్తుంది, 36 కాదు. కోడ్‌లో తప్పేమీ లేదు. నా వరసలో పెద్ద అంకె 4 సరిగ్గా విండో శిఖరం కింద పడింది, దాని 16 పూర్తిగా నిలిచింది, మొదట్లో ఉన్న 3 మాత్రం సున్నాతో గుణింపబడి పోయింది. అంటే 3/8 దిద్దుబాటు సగటు మీద నిజం, ఒక్కో బ్లాకు మీద కాదు. మోటార్ స్థిరంగా తిరుగుతున్నప్పుడు 512 శాంపిళ్లలో బోలెడన్ని చుట్లుంటాయి కాబట్టి బాగానే సరిపోతుంది. స్విచ్ వేసిన క్షణం బ్లాకులో మాత్రం దీన్ని నమ్మకూడదు, కుదుపు బ్లాకు అంచున పడితే మాయమవుతుంది, మధ్యలో పడితే రెండున్నర రెట్ల పైన కనిపిస్తుంది. అందుకని స్టార్టింగ్ బ్లాకులకి విండో లేకుండా టైమ్ వైపు ఎనర్జీనే రికార్డ్ చేయమని బావకి చెప్పాను.

శనివారం

చివరి ముడి, కూడికలో కచ్చితత్వం. ఈఎస్‌పీ 32లో హార్డ్‌వేర్ ఫ్లోట్ సింగిల్ ప్రెసిషన్ మాత్రమే, అంటే 24 బిట్లు. సెన్సార్ ±2g రేంజ్‌లో ఒక g కి 16384 కౌంట్లు ఇస్తుంది. సగటు తీయకుండా కౌంట్ల వర్గాలు 512 కూడితే మొత్తం 2 ఘాతం 37 దగ్గరికి చేరుతుంది. అక్కడ పక్కపక్క ఫ్లోట్ విలువల మధ్య ఎడమే 8192, ఆ హద్దు దాటితే 16384. మోటార్ వణుకు 50 కౌంట్లనుకుంటే దాని వర్గం 2500, ఆ ఎడంలో కనీసం సగం కూడా కాదు. గ్రావిటీ కొండంత ఉన్న చోట కూడుతూ పోతే వణుకు రౌండింగ్‌లో కలిసిపోతుంది. ఎనర్జీ చెక్ అప్పుడు కూడా పాసవ్వచ్చు, తేడా మొత్తంతో పోలిస్తే చిన్నదే కదా.

కాబట్టి సగటు ముందే తీసి విడిగా దాచుకుంటున్నాం, కూడికల వేరియబుల్ ఒక్కటీ డబుల్ చేశాం. డబుల్ ఈ చిప్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది, నిదానం, అయినా బ్లాకుకి కొన్ని వందల కూడికలు దానికో లెక్క కాదు.

ఇప్పుడు బోర్డు ఆన్ అవగానే ఎనిమిది అంకెల వరస ఎఫ్‌ఎఫ్‌టీలోకి వెళ్తుంది, సగం స్పెక్ట్రమ్ మొత్తం 36కి లక్షలో ఒక వంతు లోపు తేడాతో రావాలి, ఆ తర్వాత మూడు టోన్లు. ఏది తప్పినా ఎర్ర లైటు వెలుగుతుంది, పట్టీల నంబర్లు పంపడం ఆగిపోతుంది. పరీక్షగా ఆ రెండింతల లైను పాతదే పెట్టి ఎక్కించాను, లైటు వెలిగింది, సీరియల్ మానిటర్ మీద 46 వచ్చింది. సరైన కోడ్ మళ్లీ ఎక్కించి బోర్డు డబ్బాలో పెట్టి మూత బిగించాను. సోమవారం పొద్దున్న నీళ్లెక్కించేటప్పుడు మొదటి అసలు రికార్డింగ్.